మారిన పేజీలు కొన్నే, ప్రమాదం అక్కడే: ట్రాక్టర్ మాన్యువల్‌పై ట్రాన్స్‌లేషన్ మెమరీ కేస్ స్టడీ

2023 జనవరి 1 నుంచి మన దేశంలో 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ స్టేజ్ 4 ఉద్గార నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆ నియమాలకు తగ్గట్టు చాలా మోడళ్లలో మెకానికల్ ఫ్యూయల్ పంపు పోయి, ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైల్ ఇంజిన్ వచ్చింది. ఇంజిన్ మారితే మాన్యువల్ మారక తప్పదు. అయితే మారేది ఇంజిన్ అధ్యాయం, డీజిల్ సిస్టమ్, సర్వీస్ పట్టికలో కొన్ని వరసలు, కొన్ని హెచ్చరికలు మాత్రమే. క్లచ్ ఫ్రీ ప్లే, బ్రేకుల సర్దుబాటు, హైడ్రాలిక్ లిఫ్ట్, టైర్లలో గాలి, బ్యాటరీ నీళ్లు, గ్రీజు కొట్టే నిపుళ్లు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

నేను తెలుగు చేసే పుస్తకాల్లో 55 హెచ్‌పీ ట్రాక్టర్ మెయింటెనెన్స్ మాన్యువల్ ఒకటి. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇంగ్లీషులో దాదాపు ఇరవై వేల పదాలు ఉంటుంది. మొదటి రెండు రివిజన్లు, అంటే ఎ, బి, వేరే చోట మామూలు వర్డ్ ఫైల్‌లో అనువాదమయ్యాయి. సి నుంచి నా దగ్గర ఒమేగాటీ అనే ఉచిత అనువాద టూల్‌లో, పాత అనువాదాలను వాక్యాల జతలుగా దాచుకునే ట్రాన్స్‌లేషన్ మెమరీతో నడుస్తోంది. ఇంజిన్ మారినప్పుడు వచ్చింది రివిజన్ ఇ. మెమరీ ఎక్కడ పని తగ్గించింది, ఎక్కడ తప్పుల్ని ఆపింది, ఎక్కడ తానే కొత్త తప్పుకి దారి తీయబోయింది అన్నవి ఆ రివిజన్‌లో స్పష్టంగా కనిపించాయి. అందుకే దాన్నే తీసుకుంటున్నాను.

మెమరీ లేనప్పుడు జరిగే పని

పాత పద్ధతి ఇలా ఉండేది. కంపెనీ కొత్త ఇంగ్లీషు ఫైల్ పంపుతుంది. మారిన చోట్ల పక్కన గీతలు ఉంటాయి. అనువాదకుడు పాత తెలుగు ఫైల్ తెరిచి, ఆ గీతలున్న వాక్యాలకు తెలుగులో చోటు వెతుక్కుని దిద్దుతాడు. చూడ్డానికి తేలికైన పని. కానీ రెండు రకాల తప్పులు ఇందులోంచే వస్తాయి.

ఒకటి, తీసేసిన వాక్యాలు. ఇంగ్లీషులో ఒక వాక్యం ఎగిరిపోతే దాని పక్కన గీత కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. తెలుగులో మాత్రం ఆ వాక్యం అలాగే ఉండిపోతుంది. రెండోది, ఒకే మాట మూడు చోట్ల రావడం. ఆయిల్ ఫిల్టర్ ఎన్ని గంటలకు మార్చాలన్నది ఇంజిన్ అధ్యాయంలో ఉంటుంది, సర్వీస్ పట్టికలో ఉంటుంది, చివర ఉచిత సర్వీస్ కూపన్ల దగ్గరా ఉంటుంది. బి రివిజన్ తెలుగు పుస్తకంలో ఆ ఒక్క సూచన మూడు రకాల మాటల్లో ఉంది. గంటలు మారినప్పుడు రెండు చోట్ల దిద్ది ఒక చోట వదిలేశారు కూడా. దిద్దినవారి శ్రద్ధను తప్పుపట్టాల్సిన పని లేదు. రెండు వందల పేజీల్లో ఒకే విషయం ఎక్కడెక్కడ ఉందో కంటితో వెతకమనే పద్ధతిలోనే లోపం ఉంది.

మెమరీతో పని తిరగబడుతుంది. పాత తెలుగు ఫైల్‌ని అసలు ముట్టుకోం. కొత్త ఇంగ్లీషు ఫైల్‌నే టూల్‌లోకి ఇస్తాం. టూల్ దాన్ని వాక్యాలుగా విడగొడుతుంది. ప్రతి వాక్యాన్నీ ఇంతకుముందు అనువదించిన వాక్యాలతో పోల్చి, అచ్చంగా అదే ఉంటే ఆ తెలుగుని అక్కడ పెడుతుంది. దగ్గరగా ఉంటే ఎంత దగ్గరో శాతంలో చూపించి పాత తెలుగుని పక్కన చూపిస్తుంది. తెలుగు పుస్తకం ప్రతిసారీ కొత్త ఇంగ్లీషు లోంచే పుడుతుంది కాబట్టి, అక్కడ లేని వాక్యం ఇక్కడ మిగిలే అవకాశమే లేదు. ఒక వాక్యం పది చోట్ల ఉంటే ఒక్కసారి అనువదిస్తే చాలు, పది చోట్లా ఒకే మాట పడుతుంది.

ఇంగ్లీషు వాక్యం, దాని తెలుగు కలిసిన జత మెమరీ ఫైల్‌లో ఇలా నిల్వ ఉంటుంది:

```xml
<tu>
  <tuv xml:lang="en">
    <seg>Replace the engine oil filter every 250 hours.</seg>
  </tuv>
  <tuv xml:lang="te">
    <seg>ప్రతి 250 గంటలకు ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్ మార్చండి.</seg>
  </tuv>
</tu>
```

ఇది టీఎంఎక్స్ అనే ఉమ్మడి ఫార్మాట్. రేపు టూల్ మార్చినా ఈ ఫైల్ పట్టుకెళ్లొచ్చు. కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ ఫైల్ ఎవరిదో తేల్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. అచ్చయిన పుస్తకం కన్నా దీని విలువే ఎక్కువ.

పాత పుస్తకాన్ని మెమరీగా మార్చడం

సి రివిజన్ మొదలుపెట్టేనాటికి నా దగ్గర మెమరీ లేదు, బి రివిజన్ ఇంగ్లీషు, తెలుగు వర్డ్ ఫైళ్లు ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి వాక్యానికి వాక్యం జత చేయడాన్ని అలైన్‌మెంట్ అంటారు. ఒమేగాటీలో దానికి సాధనం ఉంది. ఇంగ్లీషులో ఒక వాక్యం తెలుగులో రెండైతే, లేదా ఒక పట్టిక వరస కలిసిపోతే, అక్కడి నుంచి కింద జతలన్నీ ఒక మెట్టు జారిపోతాయి. కాబట్టి అధ్యాయాల వారీగా చిన్న ఫైళ్లుగా విడగొట్టి చేస్తే జారిన చోటు త్వరగా దొరుకుతుంది.

ఇలా చేసిన మెమరీని నేను నేరుగా నమ్మను. బి రివిజన్ తెలుగులో ఉన్న తప్పులన్నీ దాంట్లోకీ వచ్చి ఉంటాయి. అందుకని దాన్ని `tm/penalty-020` అనే ఫోల్డర్‌లో పెట్టాను. ఆ పేరులోని అంకెను బట్టి ఒమేగాటీ ఆ ఫైల్ లోంచి వచ్చే ప్రతి పోలికకూ 20 శాతం కోత వేస్తుంది. అచ్చంగా కలిసిన వాక్యం కూడా 80 అనే చూపిస్తుంది, దానంతటదే పుస్తకంలోకి వెళ్లదు. నేను చదివి, సరిచేసి, ఒప్పుకున్నాకే అది అసలు మెమరీ `project_save.tmx` లోకి చేరుతుంది. సి రివిజన్‌కి దీనివల్ల సమయం పెద్దగా తగ్గలేదు. ఫలితం కనిపించింది డి రివిజన్ నుంచి.

రివిజన్ ఇ: ఒక పేజీ దగ్గరగా

కొత్త ఫైల్ పెట్టి పోలికల లెక్క తీస్తే ఎక్కువ భాగం అచ్చంగా కలిసినవే. మిగిలినవి రెండు రకాలు. కామన్ రైల్ గురించి పూర్తిగా కొత్త వాక్యాలు ఒక రకం. పాత వాక్యానికి చాలా దగ్గరగా ఉండి ఏదో ఒక్క చోట మారినవి రెండో రకం. కొత్త వాక్యాలతో భయం లేదు, వాటిని ఎవరైనా శ్రద్ధగానే అనువదిస్తారు. దగ్గరగా ఉన్నవాటితోనే ప్రమాదం.

అంకె మారినవి తేలికైనవి. ఫిల్టర్ మార్చే గడువు 250 నుంచి 300 గంటలైంది. ఒమేగాటీ మూడు శాతాలు చూపిస్తుంది, మూడోది అంకెలు, ఫార్మాటింగ్ గుర్తులైన ట్యాగులు కూడా కలిపి లెక్కించినది. మొదటి రెండూ నూరు ఉండి మూడోది తగ్గితే, మారింది అంకో ట్యాగో అని అక్కడే తెలిసిపోతుంది. పాత తెలుగుని తెచ్చి పెట్టేటప్పుడు కొత్త అంకెను దానంతటదే మార్చమనే ఆప్షన్ కూడా ఉంది. కాకపోతే పాత ఇంగ్లీషులోనూ పాత తెలుగులోనూ ఒకే అంకెలు ఉంటేనే అది పనిచేస్తుంది. బి రివిజన్‌లో కొన్ని చోట్ల "రెండు వందల యాభై గంటలకు" అని అక్షరాల్లో ఉండేది. చదవడానికి బాగుంటుంది, కానీ టూల్ దాన్ని పట్టుకోలేదు. అంకెలు పెట్టి దిద్దుకుంటూ వచ్చాను. ఇలాంటి పుస్తకంలో గంటలు, లీటర్లు, టార్క్ విలువలు ఎప్పుడూ అంకెల్లోనే ఉండాలన్నది నా అభిప్రాయం. మెకానిక్ వెతికేది అంకెనే.

అసలు ప్రమాదం ఎయిర్ తీసే పేజీలో ఉంది. పాత ఇంజిన్‌లో డీజిల్ అయిపోయి లైన్‌లోకి ఎయిర్ పడితే, ముందు ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ కొడతారు. ఆ తర్వాత ఇంజెక్టర్ దగ్గర పైపు నట్టు వదులు చేసి, స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పి, బుడగలు పోయి డీజిల్ వచ్చాక బిగిస్తారు. ఊళ్లలో ట్రాక్టర్ నడిపే చాలామందికి ఇది చేతికి అలవాటైన పని. కామన్ రైల్‌లో ఇది చేయనే కూడదు. రైల్‌లో ప్రెషర్ వెయ్యి బార్ పైన ఉంటుంది. ఆ ఒత్తిడితో చిమ్మే సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. కాబట్టి కంపెనీ అదే వాక్యాన్ని తిరగేసింది. పాతది, కొత్తది ఇవీ:

```
Rev D: Loosen the pipe nut at the injector while cranking the engine.
Rev E: Do not loosen the pipe nut at the injector while cranking the engine.
```

పదమూడు పదాల్లో కొత్తవి రెండు. టూల్ లెక్కలో ఇది 85 శాతం దరిదాపుల్లోని పోలిక, అంటే చాలా మంచి పోలిక. కానీ అర్థం పూర్తిగా ఎదురు. ఇంగ్లీషులో నిషేధం వాక్యం మొదట్లోనే కనబడుతుంది. తెలుగులో అది చివరి క్రియలో ఉంటుంది. మెమరీలో ఉన్న పాత తెలుగు ఇది:

```
ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పుతూ, ఇంజెక్టర్ దగ్గర పైపు నట్టును వదులు చేయండి.
```

దీన్ని "చేయకండి" అని మార్చాలి. మధ్యలో ఒక్క అక్షరం. వందలాది వాక్యాలు ఒప్పుకుంటూ వెళుతున్న కన్ను ఈ అక్షరాన్ని దాటేసే అవకాశం నిజంగా ఉంది. వాక్యం నున్నగా, తప్పుల్లేని తెలుగులో ఉంటుంది కాబట్టి తర్వాత చదివేవారికీ అనుమానం రాదు. మెమరీ లేకుండా మొదటి నుంచి అనువదిస్తే ఈ తప్పు ఎవరూ చేయరు. దగ్గరి పోలికతో వచ్చే ప్రత్యేకమైన తప్పు ఇది.

దీన్ని ఆపడానికి కళ్లను నమ్ముకోకుండా యంత్రంతో తనిఖీ పెట్టాను. ఓకపీ వారి చెక్‌మేట్ అనే ఉచిత టూల్ టీఎంఎక్స్ ఫైల్‌ని చదివి, ఇంగ్లీషులో ఫలానా నమూనా ఉంటే తెలుగులో ఫలానా నమూనా ఉందా అని చూస్తుంది. మొదట అనుకున్న తెలుగు నమూనా `కండి`. "చేయకండి", "తెరవకండి" దీనికి దొరుకుతాయి కదా అని. కానీ "తాకండి", "నొక్కండి" అన్న మాటల్లోనూ అవే అక్షరాలున్నాయి. బటన్ నొక్కమనే వాక్యాన్ని టూల్ నిషేధం కింద లెక్కేసుకుంటుంది. ఈ నమూనా పనికిరాదు.

అందుకని నమూనాను వదిలేసి తెలుగునే మార్చాను. ఈ పుస్తకంలో నిషేధాలన్నీ "వద్దు" లేదా "కూడదు" అనే ముగియాలని నియమం పెట్టి, రివిజన్ ఇ మొదలుపెట్టక ముందే మెమరీలో ఉన్న "చేయకండి" రకం వాక్యాలన్నిటినీ "చేయవద్దు" కింద దిద్దాను. "చేయండి", "చేయవద్దు" మధ్య తేడా కంటికీ ఆనుతుంది, టూల్‌కీ ఆనుతుంది. ఆ తర్వాత నమూనా ఇది:

```
source: (?i)\b(do not|never|must not)\b
target: (వద్దు|కూడదు)
```

దీన్ని తిరగేసి కూడా ఒకసారి నడపాలి. తెలుగులో "వద్దు" ఉండి ఇంగ్లీషులో నిషేధం లేని వాక్యాలు ఆ రెండో పరుగులో దొరుకుతాయి. వచ్చే రివిజన్‌లో ఎక్కడైనా నిషేధం ఎత్తేస్తే పట్టుకునేది అదే. రెండో పరుగులో కొన్ని అనవసరపు హెచ్చరికలు వస్తాయి, ఎందుకంటే ఇంగ్లీషులో "అవాయిడ్" అని ఉన్న చోట తెలుగులో సహజంగానే "వద్దు" పడుతుంది. వాటిని చదివి వదిలేస్తే సరిపోతుంది.

ఈ దిద్దుబాటులో మెమరీ అసలు బలం కనిపించింది. ఒక నియమం మారితే పుస్తకమంతా ఒకే చోట నుంచి మారుతుంది. వర్డ్ ఫైళ్లతో ఈ పని తలపెట్టడానికే భయమేస్తుంది.

నూరు శాతం కలిసినా తప్పయ్యే చోటు

అచ్చంగా కలిసిన వాక్యాన్ని చదవక్కర్లేదని చాలామంది అనుకుంటారు. పొడుగు వాక్యాల విషయంలో అది చాలావరకు నిజం. ఒక్క మాట ఉన్న చిన్న చిన్న ముక్కల విషయంలో కాదు.

సర్వీస్ పట్టికలో ఒక నిలువు వరస శీర్షిక `Clean`. తెలుగులో అక్కడ "శుభ్రం చేయాల్సినవి" అని ఉండాలి. రోజువారీ సంరక్షణ పేజీలో బొమ్మ పక్కన కూడా `Clean` అనే ఉంది, అక్కడ అది ఆదేశం, "శుభ్రం చేయండి". ఇంగ్లీషులో రెండూ ఒకటే కాబట్టి టూల్ రెండు చోట్లా ఒకే తెలుగు పెడుతుంది. ఒమేగాటీలో దీనికి దారి ఉంది. ఒక అనువాదాన్ని అందరికీ వర్తించేదిగా ఉంచి, ఫలానా చోటికి మాత్రం వేరే అనువాదం పెట్టుకోవచ్చు. ఆ ప్రత్యేక అనువాదం మెమరీలో తన చుట్టుపక్కలతో సహా నిల్వ ఉంటుంది:

```xml
<tu>
  <prop type="file">opmanual_RevD.docx</prop>
  <prop type="prev">Every 50 hours</prop>
  <prop type="next">Grease</prop>
  <tuv xml:lang="en"><seg>Clean</seg></tuv>
  <tuv xml:lang="te"><seg>శుభ్రం చేయాల్సినవి</seg></tuv>
</tu>
```

ఫైల్ పేరు, ముందు ముక్క, తర్వాతి ముక్క ఇందులో ఉండటం గమనించండి. రివిజన్ ఇ ఫైల్ `opmanual_RevE.docx` అన్న పేరుతో వచ్చింది. పేరు మారిపోవడంతో ప్రత్యేక అనువాదాలన్నీ లంగరు తెగినట్టయింది, వాటి చోట్ల మామూలు అనువాదం వచ్చి కూర్చుంది. టూల్ ఏ హెచ్చరికా చేయదు, ఎందుకంటే దాని దృష్టిలో ఆ ముక్క అనువాదమైపోయింది. అన్నీ పూర్తయ్యాయనే లెక్క చూపిస్తుంది. పట్టిక తల మీద "శుభ్రం చేయండి" అని కనబడితే తప్ప ఎవరికీ తెలియదు.

పరిష్కారం చిన్నది. రివిజన్ ఏదైనా సోర్స్ ఫైల్‌కి ఒకటే పేరు, `opmanual_55hp.docx`. రివిజన్ అక్షరం ఫోల్డర్ పేరులో ఉంటుంది. ఫైల్ ఫిల్టర్ల సెట్టింగుల్లో ప్రత్యేక అనువాదాలకు ఫైల్ పేరును పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. అయినా చుట్టుపక్కల ముక్కలు మారితే, అంటే పట్టికలో కొత్త వరస చేరితే, బంధం మళ్లీ తెగుతుంది. కాబట్టి ప్రతి రివిజన్‌లోనూ `project_save.tmx` ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి `prop type="prev"` అని వెతికి, దొరికిన ప్రతి ప్రత్యేక అనువాదం కొత్త పుస్తకంలో తన చోటే ఉందా అని చూసుకుంటాను. అవి వందల్లో ఉండవు. ఒక్క మాట ముక్కలు, పట్టికల తలలు, బొమ్మల పక్క మాటలు, అంతే.

ఇక్కడే డబ్బు ప్రస్తావన తప్పదు. ఏజెన్సీలు పోలిక శాతాన్ని బట్టి రేటు తగ్గిస్తాయి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇరవై వేల పదాల్లో పదిహేడు వేలు అచ్చంగా కలిశాయని, 1,800 దగ్గరగా ఉన్నాయని, 1,200 కొత్తవని అనుకుందాం. కలిసినవాటికి పూర్తి రేటులో 20 శాతం, దగ్గరివాటికి 60 శాతం ఇస్తే, మొత్తం 5,680 పదాల డబ్బు వస్తుంది. ఇది న్యాయంగానే ఉంది. కానీ కలిసినవాటికి సున్నా అనే ఏజెన్సీలు ఉన్నాయి. సున్నా అంటే వాటిని ఎవరూ చదవరని అర్థం, చదవకపోతే పైన చెప్పిన పట్టిక తప్పు నేరుగా అచ్చుకు వెళుతుంది. నేను పట్టికలు, హెచ్చరికల పేజీల వరకైనా చదివే డబ్బు విడిగా అడుగుతాను. ఇయ్యనంటే ఆ భాగాలు చదవలేదని డెలివరీ మెయిల్‌లో రాతపూర్వకంగా చెబుతాను.

మెమరీకి చిల్లు పడే చోటు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం టూల్ బయట జరుగుతుంది. తెలుగు పుస్తకం డీటీపీకి వెళ్లాక, కంపెనీ సర్వీస్ ఇంజినీర్ ప్రూఫ్ చూసి దిద్దుబాట్లు రాస్తారు. "హైడ్రాలిక్ లిఫ్ట్ అని అందరం అంటాం, ఇక్కడ వేరే మాట ఎందుకు?" అని, లేదా దమ్ము చేసే రోజుల్లో ఫ్రంట్ యాక్సిల్‌కి రోజూ గ్రీజు కొట్టాలన్న వాక్యం సూటిగా లేదని. మంచి దిద్దుబాట్లే. డీటీపీ ఆపరేటర్ వాటిని లేఅవుట్‌లోనే దిద్దేస్తాడు. పుస్తకం బాగుపడుతుంది, మెమరీ మాత్రం పాత మాటతోనే ఉంటుంది. తర్వాతి రివిజన్‌లో ఇంజినీర్ దిద్దిన మాట పోయి పాత మాట తిరిగొస్తుంది. "పోయినసారే చెప్పాం కదా" అని ఆయన విసుక్కోవడంలో న్యాయం ఉంది.

అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ దగ్గర ఈ చిక్కు ఇంకా పెద్దది. ఆ టెక్స్ట్ యూనికోడ్ కాదు. లేఅవుట్ లోంచి కాపీ చేసి మెమరీలో వెతకబోతే ఏమీ దొరకదు, ముందు కన్వర్ట్ చేయాలి, కన్వర్షన్‌లో ఒత్తులు, పొల్లులు అక్కడక్కడా చెడతాయి. యూనికోడ్ టెక్స్ట్‌లో కూడా ఒక కనిపించని అడ్డంకి ఉంది. "ఫిల్టర్‌ను" అన్నప్పుడు పొల్లు నిలబడటానికి మధ్యలో ఒక శూన్య అక్షరం వేస్తాం. ఒకరు వేసి ఇంకొకరు వేయకపోతే, వెతుకులాటలో సగం చోట్లే దొరుకుతాయి. ఈ పుస్తకంలో దాన్ని ఎక్కడ వేయాలో నియమం రాసుకుని, తేడా ఉన్నవాటిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతికి సరిచేశాను.

రివిజన్ ఇ నుంచి కంపెనీతో ఒక ఏర్పాటు కుదిరింది. ప్రూఫ్ దిద్దుబాట్లు డీటీపీకి నేరుగా వెళ్లవు, నా దగ్గరికి వస్తాయి. నేను ఒమేగాటీలో దిద్ది, కొత్త తెలుగు ఫైల్ తీసి డీటీపీకి పంపుతాను. పేజీ సర్దుబాటు కోసం వాక్యం కుదించాల్సి వస్తే అది కూడా ఇదే దారిలో వెళ్లాలి. అచ్చుకి పంపే ముందు చివరి పీడీఎఫ్ లోంచి హెచ్చరికల పేజీలు, సర్వీస్ పట్టిక, ద్రవాల పరిమాణాల పట్టిక తీసుకుని మెమరీతో పోల్చి చూస్తాను. మొదట్లో డీటీపీ వాళ్లకు ఇది రెండింతల పనిలా అనిపించింది. ప్రతిసారీ ఫైల్ మళ్లీ దించుకోవాలి కాబట్టి వాళ్ల ఇబ్బంది నిజమే. అందుకని దిద్దుబాట్లు ఒక్కొక్కటిగా కాకుండా అధ్యాయం మొత్తానికి ఒకేసారి పంపుతున్నాం. 55 హెచ్‌పీ పుస్తకం ఇప్పుడు ఈ దారిలోనే నడుస్తోంది. పాత మెకానికల్ పంపుతో ఉన్న 42 హెచ్‌పీ పుస్తకానికి మాత్రం ఎయిర్ తీసే పేజీ విడిగా ఉంచాం. ఆ ఇంజిన్‌లో పైపు నట్టు వదులు చేయడమే సరైన పద్ధతి. అందుకే రెండు పుస్తకాలూ ఒకే మెమరీని పంచుకుంటున్నా, ఆ అధ్యాయాన్ని ప్రతి రివిజన్‌లోనూ మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఇంగ్లీషు పక్కన పెట్టుకునే చదువుతున్నాను.